స్లిప్ గేజ్ కంపేరేటర్ కొలతకు అనిశ్చితి బడ్జెట్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ లెక్క కట్టేది సరిగ్గా ఏ కొలతకు?

50 మిల్లీమీటర్ల స్టీల్ స్లిప్ గేజ్ ఒకటి క్యాలిబ్రేషన్‌కు వచ్చింది. దాని మీద 1 గ్రేడ్ అని ఉంది. దాన్ని అదే సైజు కే గ్రేడ్ స్టీల్ రిఫరెన్స్ బ్లాకుతో పోల్చాలి. కంపేరేటర్‌కు పైన ఒక ప్రోబ్, కింద ఒక ప్రోబ్ ఎదురెదురుగా ఉంటాయి. డిస్‌ప్లేలో చివరి అంకె 0.01 మైక్రాన్. ల్యాబ్ అనంతపురంలో ఉందనుకుందాం. గదిని 20 డిగ్రీల దగ్గర పెట్టారు, ఏసీ ఆగుతూ నడుస్తూ ఉండటంతో అది ±0.5 డిగ్రీ ఊగుతుంది. కడపలోనో కర్నూలులోనో ల్యాబ్ పెట్టినా లెక్క ఇదే. బయటి ఎండ తెచ్చే తిప్పలూ ఇవే.

అంకెలన్నీ ఈ ఒక్క కేసువి. మీ బడ్జెట్‌లోకి పద్ధతి తీసుకోండి, అంకెలు మాత్రం మీ ల్యాబ్ రికార్డుల నుంచే రావాలి. ఆడిటర్ ముందుగా అడిగేది కూడా "ఈ ±0.05 డిగ్రీ ఎక్కడి నుంచి వచ్చింది?" అనే.

బడ్జెట్ దేనితో మొదలుపెట్టాలి?

సమీకరణంతో. ముందే కారణాల జాబితా రాసుకుంటూ పోతే ఒకే కారణం రెండుసార్లు దూరుతుంది, ఇంకోటి పూర్తిగా జారిపోతుంది.

```
lX = lS + dD + d + dC - L(a·dt + da·T) - dV
```

`lX` అంటే మనకు కావలసిన పొడవు. `lS` రిఫరెన్స్ సర్టిఫికెట్‌లోని పొడవు, `dD` ఆ సర్టిఫికెట్ తర్వాత రిఫరెన్స్‌లో వచ్చిన మార్పు. `d` కంపేరేటర్ చూపించిన తేడా, `dC` కంపేరేటర్ సొంత తప్పు. `L` నామినల్ పొడవు, `a` వ్యాకోచ గుణకం. `dt` రెండు బ్లాకుల మధ్య ఉష్ణోగ్రత తేడా. `da` రెండింటి వ్యాకోచ గుణకాల మధ్య తేడా. `T` బ్లాకుల సగటు ఉష్ణోగ్రత 20 డిగ్రీల నుంచి ఎంత పక్కకు పోయిందో చెబుతుంది. `dV` ప్రోబ్ సరిగ్గా మధ్యలో తగలకపోవడం వల్ల వచ్చేది.

వీటిలో చాలావాటి విలువ సున్నా అనే అనుకుంటాం. విలువ సున్నా అయినంత మాత్రాన దాని అనిశ్చితి సున్నా కాదు. బడ్జెట్ మొత్తం ఆ సున్నాల గురించే.

రిఫరెన్స్ సర్టిఫికెట్ నుంచి ఏ అంకె తీసుకోవాలి?

రెండు అంకెలు కావాలి. ఒకటి ఆ బ్లాకు అసలు పొడవు, రెండోది దాని అనిశ్చితి. మన కేసులో సర్టిఫికెట్ 50.00012 మిల్లీమీటర్లు అంటోంది. U = 40 నానోమీటర్లు, k = 2. సర్టిఫికెట్ ఇచ్చింది విస్తరించిన అనిశ్చితి కాబట్టి 2తో భాగిస్తే 20 నానోమీటర్లు వస్తుంది. విభజన నార్మల్.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. 40ని భాగించకుండా అలాగే వేసేయడం ఒకటి. రెండోది ఇంకా పెద్దది: సర్టిఫికెట్‌లోని పొడవును పక్కన పెట్టి కే గ్రేడ్ టాలరెన్స్‌ను అనిశ్చితిగా వాడటం. ఐఎస్ఓ 3650 ప్రకారం 25 దాటి 50 మిల్లీమీటర్ల వరకు కే గ్రేడ్ పొడవు టాలరెన్స్ ±0.40 మైక్రాన్. 1 గ్రేడ్‌కూ అదే ±0.40. కే గ్రేడ్‌కు ఎక్కువ డబ్బు పెట్టేది పొడవు నామినల్‌కు దగ్గరగా ఉంటుందని కాదు, ముఖాలు సమాంతరంగా ఉంటాయని. ఈ సైజులో ముఖం మీద పొడవు మార్పు కే గ్రేడ్‌లో 0.06 మైక్రాన్ దాటకూడదు, 1 గ్రేడ్‌లో 0.18 దాకా పోవచ్చు. పొడవు ఎంత ఉన్నా సర్టిఫికెట్ చూసి సవరించుకుంటాం కదా. ఆ సవరణ చేయకుండా ±0.40ని రెక్టాంగులర్‌గా వేస్తే ఒక్క ఆ వరుసే 231 నానోమీటర్లు అవుతుంది, మిగతా లెక్కకు అర్థం ఉండదు.

రిఫరెన్స్ డ్రిఫ్ట్‌కు ఎంత వేయాలి?

స్టీల్ బ్లాకులు ఏళ్లు గడిచే కొద్దీ కొంచెం పెరుగుతాయి లేదా తగ్గుతాయి. కే, 0 గ్రేడ్‌లకు ఐఎస్ఓ 3650 ఏడాదికి అనుమతించే మార్పు ±(0.02 మైక్రాన్ + 0.25×10⁻⁶ × L). మన 50 మిల్లీమీటర్లకు అది ±32.5 నానోమీటర్లు. సెట్ కొత్తది, పాత సర్టిఫికెట్లు లేవు అంటే ఈ హద్దునే రెక్టాంగులర్‌గా వేయాలి: 32.5/√3 = 18.8 నానోమీటర్లు. ఇది రిఫరెన్స్‌ను ఏడాదికోసారి పంపించే ల్యాబ్‌కు. రెండేళ్లకోసారి పంపిస్తే హద్దు రెట్టింపవుతుంది.

మూడు నాలుగు సర్టిఫికెట్లు చేతిలో ఉంటే పొడవును సంవత్సరాలతో గ్రాఫ్ గీయండి. మార్పు ±20 నానోమీటర్లలోనే ఉండి, సున్నా చుట్టూనే తిరుగుతుంటే ట్రయాంగులర్ వేయవచ్చు. అప్పుడు 20/√6 = 8.2. గ్రాఫ్ ఒకే వైపు ఎక్కుతూ పోతుంటే మాత్రం ట్రయాంగులర్ చెల్లదు. ఆ మార్పును సవరణగా `dD` విలువలో కలపాలి.

మూడు రీడింగులే తీస్తాం. రిపీటబిలిటీ ఆ మూడింటి నుంచే లెక్క కట్టవచ్చా?

కట్టకండి. మూడు రీడింగుల స్టాండర్డ్ డీవియేషన్ ఒకరోజు 3 వస్తుంది, ఇంకోరోజు 25 వస్తుంది, రెండూ నమ్మదగ్గవి కావు. ఇదే సైజు శ్రేణిలో పది బ్లాకుల మీద మూడేసి తేడాలు తీసి, వేరియన్సుల సగటుకు వర్గమూలం కడితే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 20 ఉన్న అంకె దొరుకుతుంది. మన కేసులో అది 14 నానోమీటర్లు. ఈరోజు మూడు తేడాల సగటు వాడుతున్నాం కాబట్టి 14/√3 = 8.1. నార్మల్, టైప్ ఏ. బడ్జెట్‌లో టైప్ ఏ వరుస ఇదొక్కటే.

ఈరోజు తేడాలు −0.20, −0.22, −0.21 మైక్రాన్లు వచ్చాయి. సగటు −0.21. ఈ మూడింటి డీవియేషన్ 10 నానోమీటర్లు, పాత 14కు దగ్గర్లోనే ఉంది, కాబట్టి ఈరోజు కొలత మామూలుగానే నడిచిందని అర్థం. అదే 40 వచ్చి ఉంటే బడ్జెట్ పెంచడం మందు కాదు, కొలత ఆపి కారణం వెతకాలి.

వెతకాల్సిన వాటిలో దుమ్ము మొదటిది. ఎండిన రోజుల్లో సన్నటి ధూళి ఏసీ గదిలోకీ వస్తుంది. ప్రోబ్ కింద రేణువు పడితే రీడింగ్ ఎప్పుడూ పెరిగే వైపే ఎగురుతుంది, సాధారణంగా ఒక్క రీడింగే. బ్లాకు తుడిచి మళ్లీ పెడితే పోతుంది. అలాంటి రీడింగును కారణం రాసి కొట్టేయాలి. దుమ్ముకు బడ్జెట్‌లో వరుస పెట్టడం సరికాదు.

కంపేరేటర్ తప్పు, రిజల్యూషన్ వేర్వేరుగా రాయాలా?

వేర్వేరుగానే. కంపేరేటర్ క్యాలిబ్రేషన్‌లో 1 మైక్రాన్ లోపు తేడాలకు తప్పు ±20 నానోమీటర్లలో ఉందని తేలింది. రెక్టాంగులర్ వేస్తే 11.5. క్యాలిబ్రేషన్ ఏ తేడా దాకా చేశారో చూసుకోవాలి. 1 మైక్రాన్ దాకా చూసిన కంపేరేటర్‌తో 4 మైక్రాన్ల తేడా ఉన్న అరిగిపోయిన వర్క్‌షాప్ బ్లాకును కొలిస్తే ఈ అంకె చెల్లదు.

రిజల్యూషన్ 10 నానోమీటర్లు అంటే ఒక్కో రీడింగ్‌కు సగం వెడల్పు ±5, రెక్టాంగులర్. తేడా రెండు రీడింగుల నుంచి వస్తుంది. రెండు సమానమైన రెక్టాంగులర్‌ల తేడా ట్రయాంగులర్ అవుతుంది, సగం వెడల్పు ±10. కాబట్టి 10/√6 = 4.1. రెక్టాంగులర్‌లను విడిగా కూడినా (2.9×√2) అదే 4.1 వస్తుంది, లెక్క సరిచూసుకోవచ్చు.

గది 20±0.5 డిగ్రీలలో ఉంది కదా, ఉష్ణోగ్రతకు ఇంకా రెండు వరుసలు ఎందుకు?

ఎక్కువ బడ్జెట్లు తప్పేది ఇక్కడే, అందుకే ఇది కాస్త నిదానంగా.

రెండూ స్టీల్ బ్లాకులే. గది 20.5కు పోతే రెండూ కలిసి పెరుగుతాయి, తేడాలో అది దాదాపు కొట్టుకుపోతుంది. అందుకే 0.5 డిగ్రీని నేరుగా 11.5×10⁻⁶తో, 50 మిల్లీమీటర్లతో గుణించి 288 నానోమీటర్లు రాయడం తప్పు. కొట్టుకుపోనివి రెండు మిగులుతాయి. ఒకటి, రెండు బ్లాకులు ఒకదానితో ఒకటి ఒకే ఉష్ణోగ్రతలో లేకపోవడం. రెండు, రెండు స్టీళ్లూ ఒకే రకంగా వ్యాకోచించకపోవడం.

మొదటిదానికి సెన్సిటివిటీ గుణకం L×a. 50 మిల్లీమీటర్లు × 11.5×10⁻⁶ అంటే డిగ్రీకి 575 నానోమీటర్లు. బ్లాకుల మధ్య తేడా ±0.05 డిగ్రీ, రెక్టాంగులర్ అనుకుంటే 0.0289 × 575 = 16.6 నానోమీటర్లు. 0.05 డిగ్రీ చిన్నదిగా కనిపిస్తుంది గానీ, వేళ్లతో కాసేపు పట్టుకున్న బ్లాకు 0.1 డిగ్రీ వేడెక్కితే చాలు, 58 నానోమీటర్లు పెరుగుతుంది.

రెండోది కొంచెం మెలిక. స్టీల్ గేజ్ వ్యాకోచ గుణకాన్ని ఐఎస్ఓ 3650 (11.5±1.0)×10⁻⁶ అంటుంది. రెండు బ్లాకులకూ విడివిడిగా ఆ హద్దే. రెండింటి తేడా ±2.0×10⁻⁶, ట్రయాంగులర్, కాబట్టి 2.0/√6 = 0.816×10⁻⁶. 50 మిల్లీమీటర్లతో గుణిస్తే డిగ్రీకి 40.8 నానోమీటర్లు. దీన్ని 20 డిగ్రీల నుంచి పక్కకు పోయిన దాని అనిశ్చితితో గుణించాలి.

ఆ అనిశ్చితికి యూ ఆకారపు విభజన వాడాలి. ఏసీ కటాఫ్ అవుతూ మళ్లీ ఎత్తుకుంటూ ఉంటే ఉష్ణోగ్రత గ్రాఫ్ అలలా కనిపిస్తుంది. అల కొసల దగ్గర ఎక్కువసేపు ఉంటుంది, మధ్యలోంచి త్వరగా దాటిపోతుంది. కాబట్టి భాగించేది √3తో కాదు, √2తో: 0.5/√2 = 0.354. ఫలితం 40.8 × 0.354 = 14.4 నానోమీటర్లు. రెక్టాంగులర్ వేస్తే 11.8 వచ్చి తక్కువ చూపిస్తుంది.

గది సగటు 20 కాకుండా 21 ఉంటే?

పై 14.4 లెక్క సగటు సరిగ్గా 20 అనుకుని కట్టినది. సగటు 21 ఉంటే ఒక డిగ్రీ ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి 40.8 నానోమీటర్లు పూర్తిగా వచ్చి చేరుతుంది. అప్పుడు ఆ ఒక్క అంశమే బడ్జెట్‌లో అన్నిటికన్నా పెద్దదవుతుంది. ఏసీ రిమోట్ మీద 20 అని పెట్టడం సరిపోదు. క్యాలిబ్రేట్ చేసిన సెన్సర్ కంపేరేటర్ టేబుల్ మీద, బ్లాకుల పక్కనే ఉండాలి. గోడ మీది డిస్‌ప్లే గోడ ఉష్ణోగ్రత చెబుతుంది, అంతే.

ఆ ±0.05 డిగ్రీని ఎలా నిరూపించాలి?

రెండు కాంటాక్ట్ సెన్సర్లు తీసుకోండి. ఒకటి రిఫరెన్స్ మీద, ఒకటి టెస్ట్ బ్లాకు మీద పెట్టి, కొలత జరిగే క్రమంలోనే రికార్డు చేయండి. తర్వాత సెన్సర్లను అటుదిటు మార్చి మళ్లీ చేయండి. రెండు సార్లు వచ్చిన తేడాల సగటులో సెన్సర్ల సొంత తప్పు పోతుంది. దీన్ని వేర్వేరు రోజుల్లో, మధ్యాహ్నం వేళ కూడా చేసి, వచ్చినవాటిలో పెద్ద తేడాను హద్దుగా తీసుకోవాలి.

రోజువారీ పనిలో సెన్సర్లు అక్కర్లేదు, రీడింగుల వరుసే చెబుతుంది. రిఫరెన్స్, టెస్ట్, టెస్ట్, రిఫరెన్స్ క్రమంలో కొలవండి. ఇలా చేస్తే నిదానంగా ఒకే వైపు జరిగే మార్పు సగటులో కొట్టుకుపోతుంది. మొదటి రిఫరెన్స్ రీడింగ్‌కూ చివరిదానికీ 0.03 మైక్రాన్ కన్నా ఎక్కువ తేడా ఉంటే ఏదో ఇంకా వేడెక్కుతోంది లేదా చల్లారుతోంది. ఆ సెట్ కొట్టేసి అరగంట ఆగండి. టెస్ట్ బ్లాకు రీడింగ్ మాత్రమే జారుతూ, రిఫరెన్స్ నిలకడగా ఉంటే కారణం గది కాదు, ఆ బ్లాకే ఇంకా సర్దుకోలేదు.

ఎండాకాలంలో వచ్చిన బ్లాకును ఎంతసేపు ఆరనివ్వాలి?

మే నెల మధ్యాహ్నం బైకు మీద వచ్చిన పెట్టెలో బ్లాకు 38 డిగ్రీలు ఉందనుకోండి. 18 డిగ్రీల తేడా 0.05కు దిగాలి, అంటే 360 రెట్లు తగ్గాలి. తేడా సగానికి సగం అవుతూ పోతే ఎనిమిదిన్నర సార్లు సగం కావాలి. మీ మెటల్ ప్లేటు మీద తేడా సగం కావడానికి 10 నిమిషాలు పడితే మొత్తం 85 నిమిషాలు. 20 నిమిషాలు పడితే దాదాపు మూడు గంటలు. మీ ప్లేటుకు ఆ సగం సమయం ఎంతో ఒక్కసారి సెన్సర్ పెట్టి చూసుకుంటే చాలు.

చెక్క పెట్టెలో మూత వేసి ఉంచితే ఈ లెక్క పనికిరాదు. చెక్క వేడిని వదలదు, మరుసటి రోజు కూడా లోపలి బ్లాకు వెచ్చగానే ఉండొచ్చు. పెట్టె తెరిచి, తుడిచి, బ్లాకులను రిఫరెన్స్ పక్కనే అల్యూమినియం లేదా స్టీల్ ప్లేటు మీద పడుకోబెట్టాలి. గ్రానైట్ సర్ఫేస్ ప్లేటు దీనికి అంత మంచిది కాదు, రాయి లోహమంత త్వరగా వేడి లాగదు. ప్లేటు మీద నుంచి కంపేరేటర్‌కు ప్లాస్టిక్ కొనలున్న చిమటాతోనే తీయాలి.

కరెంటు పోయి ఏసీ ఆగితే, వచ్చిన వెంటనే గాలి 20 చూపిస్తుంది. కంపేరేటర్ ఇనుప స్టాండు, ప్లేటు, బ్లాకులు ఇంకా వెనకే ఉంటాయి. టేబుల్ మీది సెన్సర్ తిరిగి మామూలు అలకు వచ్చేదాకా కొలత మొదలుపెట్టకూడదు.

ఇదంతా ఎందుకంటే: బ్లాకుల తేడా ±0.05 కాకుండా ±0.2 అయితే ఆ వరుస 66 నానోమీటర్లకు ఎగబాకి, మొత్తం U దాదాపు 0.15 మైక్రాన్‌కు చేరుతుంది. మిగతా అంకెలన్నీ అలాగే ఉన్నా ఫలితం సగం విలువ కోల్పోతుంది.

ప్రోబ్ మధ్యలో తగలకపోతే ఎంత?

ముఖం 35×9 మిల్లీమీటర్లు. 1 గ్రేడ్ బ్లాకుకు అనుమతించిన 0.18 మైక్రాన్ మార్పు మొత్తం 9 మిల్లీమీటర్ల వైపే ఉందని చెడ్డగా ఊహిద్దాం. స్థానం 0.5 మిల్లీమీటర్ తప్పితే 0.18×0.5/9 = ±10 నానోమీటర్లు, రెక్టాంగులర్, 5.8. గైడ్ ఫిక్చర్ వదులైతే 0.5 అనేది 1.5 కూడా కావచ్చు, అప్పుడు 17. ఫిక్చర్‌ను ఏడాదికోసారైనా చూడండి.

అన్నీ కలిపితే?

| కారణం | హద్దు లేదా ఇచ్చిన విలువ | విభజన | వాటా, నానోమీటర్లు |
|---|---|---|---|
| రిఫరెన్స్ సర్టిఫికెట్ | U = 40, k = 2 | నార్మల్ | 20.0 |
| రిఫరెన్స్ డ్రిఫ్ట్ | ±32.5 | రెక్టాంగులర్ | 18.8 |
| బ్లాకుల మధ్య ఉష్ణోగ్రత తేడా | ±0.05 డిగ్రీ | రెక్టాంగులర్ | 16.6 |
| వ్యాకోచ తేడా × గది ఊపు | ±2.0×10⁻⁶, ±0.5 డిగ్రీ | ట్రయాంగులర్ × యూ ఆకారం | 14.4 |
| కంపేరేటర్ తప్పు | ±20 | రెక్టాంగులర్ | 11.5 |
| రిపీటబిలిటీ | s = 14, మూడు తేడాలు | నార్మల్ | 8.1 |
| మధ్యబిందువు తప్పడం | ±10 | రెక్టాంగులర్ | 5.8 |
| రిజల్యూషన్ | ±10 | ట్రయాంగులర్ | 4.1 |

వర్గాల మొత్తం 1485, వర్గమూలం 38.5. k = 2తో U = 77, పైకి సవరించి 0.08 మైక్రాన్. పొడవు 50.00012 − 0.00021 = 49.99991 మిల్లీమీటర్లు. నామినల్ నుంచి −0.09 మైక్రాన్.

వర్గాల్లో చూస్తే రిఫరెన్స్, దాని డ్రిఫ్ట్ కలిసి సగం, ఉష్ణోగ్రత వరుసలు రెండూ కలిసి మూడో వంతు. ఇంకా సన్నని రిజల్యూషన్ ఉన్న కంపేరేటర్ కొనడం వల్ల ఇక్కడ దాదాపు ఏమీ రాదు. రిఫరెన్స్ చరిత్ర నమోదై డ్రిఫ్ట్ వరుస 8.2కు తగ్గితే, రూపాయి ఖర్చు లేకుండా U 69కు దిగుతుంది.

k = 2 అని ఎలా సమర్థించుకోవాలి?

టైప్ ఏ వరుస 8.1, దాని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 20. మిగతావాటి హద్దులు ఖాయమని తీసుకుని వెల్చ్–సాటర్త్‌వేట్ సూత్రంలో వేస్తే మొత్తం డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ పది వేలు దాటుతాయి. పైగా ఏ ఒక్క రెక్టాంగులర్ వరుసా మిగతావాటిని మింగేయడం లేదు. 95 శాతానికి k = 2 సరిపోతుంది.

రిఫరెన్స్ కార్బైడ్, టెస్ట్ స్టీల్ అయితే ఇదే పట్టిక వాడవచ్చా?

కుదరదు. ప్రోబ్ ఒత్తిడికి స్టీల్ ఎక్కువ నొక్కుకుంటుంది, కార్బైడ్ తక్కువ. తేడా పదుల నానోమీటర్లలో ఉంటుంది. ప్రోబ్ వ్యాసార్థం, బలం తెలుసుకుని సవరణ వేయాలి, ఆ సవరణకు ఒక కొత్త వరుస రావాలి. వ్యాకోచ గుణకాలు కూడా రెండు రెట్లకు పైగా తేడా. గది 20 నుంచి కదిలిన ప్రతి పదో వంతు డిగ్రీ నేరుగా పొడవులోకి వస్తుంది. అలాంటప్పుడు బ్లాకుల ఉష్ణోగ్రత కొలిచి సవరించక తప్పదు. స్టీల్‌కు స్టీల్, సిరామిక్‌కు సిరామిక్ రిఫరెన్స్ పెట్టుకోవడమే తేలిక.

ఇదే U అన్ని సైజులకూ రాయవచ్చా?

రాయకూడదు. 1 మిల్లీమీటర్ బ్లాకుకు ఉష్ణోగ్రత వరుసలు ఒక నానోమీటర్ కూడా ఉండవు. రిఫరెన్స్ U అదే 40 అయితే మొత్తం దాదాపు 0.06 మైక్రాన్ వస్తుంది. 100 మిల్లీమీటర్లకు రిఫరెన్స్ U 60 అనుకుంటే మొత్తం 0.12కు పోతుంది, అందులో సగం ఉష్ణోగ్రతదే. ఎన్‌ఏబీఎల్ స్కోపులో ఒకే అంకె రాస్తే అది పెద్ద సైజుదై ఉండాలి, లేదా పొడవుతో పెరిగే రూపంలో రాయాలి.

ఈ బ్లాకుకు గ్రేడ్ ఇవ్వవచ్చా?

−0.09 ± 0.08 మైక్రాన్. 1 గ్రేడ్ హద్దు ±0.40, మధ్య పొడవు వరకు హాయిగా లోపలే ఉంది. ఆ హద్దు ముఖంలో ఏ బిందువుకైనా వర్తిస్తుంది కాబట్టి నాలుగు మూలలూ కొలిచి, మార్పు 0.18 లోపల ఉందని చూశాకే గ్రేడ్ రాయాలి.

కస్టమర్ 0 గ్రేడ్ అని రాయమంటే హద్దు ±0.20. ఈ బడ్జెట్‌తో కింది కొస −0.17, ఇంకా లోపలే. చల్లారని బ్లాకుతో U 0.15 అయిన రోజు కొస −0.24. అప్పుడు రీడింగ్ అదే అయినా 0 గ్రేడ్ అని సంతకం పెట్టలేరు. ఏ నిర్ణయ నియమం వాడారో కూడా సర్టిఫికెట్‌లో ఉండాలి, దాన్ని పని మొదలుపెట్టే ముందే కస్టమర్‌తో ఒప్పుకోవాలి.

బడ్జెట్ మళ్లీ ఎప్పుడు తిరగరాయాలి?

రిఫరెన్స్ కొత్త సర్టిఫికెట్ వచ్చినప్పుడు, కంపేరేటర్ ప్రోబ్ మార్చినప్పుడు, ఏసీ మార్చినప్పుడు. ఏసీ సంగతి చాలామంది మర్చిపోతారు. ఇన్వర్టర్ ఏసీ పెడితే గ్రాఫ్‌లో అల పోయి గీత దాదాపు చదునవుతుంది, అప్పుడు యూ ఆకారం చెల్లదు, ఊపు హద్దూ తగ్గుతుంది. వారం రోజుల లాగ్ తీసి, కొత్త గ్రాఫ్ చూసి, ఆ వరుసను మళ్లీ రాయాలి.